కుక్కపిల్లలకు వచ్చే పార్వో జబ్బు: పేగులో నారుమడి కాలిపోతే ఏమైతది?

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, తీరిక చేసుకుని చదవండి. కుక్కల గురించి ఇంత రాయాలా అని కొందరు నవ్వొచ్చు. నవ్వినా పర్లేదు గానీ మధ్యలో ఆపకండి.

మన తండాల్లో, గూడేల్లో కుక్క లేని ఇల్లు తక్కువ. చేను కాడ పందుల్ని తరమాలన్నా, మేకల వెంట పోవాలన్నా కుక్క కావాలి. అయినా కుక్క ఈనితే ఐదారు పిల్లలు పుడతాయి, రెండు నెలలు గంతులేస్తాయి, పాలు మానేసే టైముకి వారం రోజుల్లో ఒకదాని వెనక ఒకటి పోతాయి. వాంతులు, నెత్తుటి విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోలేం. ఊర్లో పెద్దోళ్లను అడిగితే ఒకరు ఎవరో మందు పెట్టారంటారు, ఒకరు దిష్టి అంటారు, ఇంకొకరు మేకలకు వచ్చే పారుడు రోగమే దీనికీ అంటిందంటారు. మేకల పారుడు రోగం వేరే వైరస్. కుక్కపిల్లల్ని ఇట్లా వరసగా తీసుకుపోయేది ఎక్కువసార్లు పార్వో. అది పాలు మానేసే వయసులోనే ఎందుకు వస్తదో కింద చెప్తాం, ఎందుకంటే టీకా ఎప్పుడు వేయించాలన్నది ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంది.

మేం ముగ్గురం మల్లాపూర్‌లో హాస్టల్లో ఉంటాం. మాలో ఇద్దరిది డిగ్రీ. మూడోవాడు పశుసంవర్ధక డిప్లొమా చేసి ఇప్పుడు డిగ్రీలో చేరాడు, సూది పట్టడం వాడికి వచ్చు. మా గల్లీ చివర ఖాళీ ప్లాటులో ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మెస్సులో మిగిలిన అన్నం వాటికే పోయేది. తొమ్మిది వారాల వయసులో వాటికి పార్వో వచ్చింది. రెండు పోయాయి, రెండు బతికాయి. ఆ వారంలో మేం డాక్టర్ దగ్గర విన్నది, మా వాడు చెప్పింది, తర్వాత లైబ్రరీలో చదివింది కలిపి రాస్తున్నాం.

ముందు వైరస్ సంగతి. ఇది పాత జబ్బు కాదు. 1978 ప్రాంతంలో కొత్తగా బయటపడింది. పిల్లుల్లో ముందునుంచీ ఉన్న ఒక వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. రెండేళ్లలోనే ప్రపంచమంతా పాకింది, 1980ల మొదట్లో మద్రాసు డాక్టర్లు మన దేశంలో కూడా ఉందని రాశారు. అంటే మన తాతల కాలంలో కుక్కపిల్లలకు ఈ జబ్బు లేదు. దీనికి పెద్దోళ్ల దగ్గర ఆకు మందు ఎందుకు లేదో దీంతో కొంత అర్థమవుతది.

ఈ వైరస్ చాలా చిన్నది, సొంతంగా పెరగడానికి కావలసిన సామాను దాని దగ్గర లేదు. ఒక కణం రెండుగా చీలడానికి తయారవుతున్నప్పుడు లోపల డీఎన్‌ఏను కాపీ చేసే యంత్రం నడుస్తది కదా, ఆ యంత్రాన్ని ఇది వాడుకుంటది. కాబట్టి ఊరికే కూర్చున్న కణం దానికి పనికిరాదు, ఎప్పుడూ చీలుతూ ఉండే కణమే కావాలి. ఒంట్లో అట్లాంటి చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి ఎముకల్లోని మూలుగ, తెల్ల రక్తకణాలు తయారయ్యేది అక్కడే. రెండోది చిన్నపేగు.

పేగు సంగతి మనకు అర్థమయ్యే లెక్కలో చెప్తాం. పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. వరిపైరు లాగా సన్నటి మొలకలు కోట్లలో నిలబడి ఉంటాయి, వాటిని విల్లై అంటారు. తిన్నదాన్ని, నీళ్లను పీల్చుకునేది ఆ మొలకల మీది కణాలే. అవి ఎక్కువ కాలం బతకవు, కొన్ని రోజులకే కొసల నుంచి రాలిపోతాయి. రాలిన వాటి జాగాలోకి కొత్తవి కింది నుంచి వస్తాయి. మొలకల అడుగున చిన్న చిన్న గుంతలుంటాయి, క్రిప్టులు అంటారు. కొత్త కణాలు పుట్టేది ఆ గుంతల్లోనే. అంటే క్రిప్ట్ నారుమడి, విల్లై నాటిన మడి అనుకోండి.

పార్వో పైరు జోలికి పోదు, నారుమడిని కాలుస్తది. కుక్కపిల్ల నేలను వాసన చూసినప్పుడు, నాకినప్పుడు వైరస్ నోట్లోకి పోయి ముందు గొంతు దగ్గర గ్రంథుల్లో పెరుగుతది, తర్వాత రక్తంలోకి దిగి మూలుగకు, పేగుకు చేరుతది. వైరస్ పోయిన రోజు నుంచి జబ్బు కనబడే దాకా మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. ఈ లోపల నారుమడి ఖాళీ అయిపోతది. పైన పైరు మాత్రం రోజూ రాలినట్టే రాలుతది, నాటడానికి నారు ఉండదు. నిన్నటిదాకా ఆడిన పిల్ల ఇవ్వాళ ఒక్కసారిగా పడిపోవడం అందుకే. జబ్బు నిన్ననే రాలేదు, నిన్నటికి పాత పైరు కొంత నిలబడి ఉంది, అంతే.

మడి ఖాళీ అయ్యాక రెండు జరుగుతాయి. నీళ్లు పీల్చుకునేవి లేక లోపలికి పోయింది పోయినట్టే బయటికి వస్తది, దాంతోపాటు ఒంట్లోని నీరు, ఉప్పులు, మాంసకృత్తులు, రక్తం కూడా కారిపోతాయి. ఇంకోవైపు పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా, గట్టు తెగింది కాబట్టి, నేరుగా రక్తంలోకి దిగుతది. దాన్ని ఆపాల్సింది తెల్ల కణాలు. అవి తయారయ్యే మూలుగను కూడా అదే వైరస్ అదే వారంలో దెబ్బతీసింది. దొంగ వచ్చే రోజే కావలి వాడు లేనట్టు. పిల్లలు చచ్చేది వైరస్ నేరుగా చంపి కాదు. నీళ్లు ఆరిపోయి, రక్తంలో చక్కెర పడిపోయి, రక్తం విషమై చస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పార్వో వైరస్‌ను చంపే మందు మామూలు ఆసుపత్రిలో లేదు. డాక్టర్ పెట్టే సెలైన్, సూదులు ఏవీ వైరస్ మీద పనిచేయవు. మరి ఎందుకు పెడతారు? నారుమడిలో వేర్లు అంతా చావవు, కొన్ని మిగులుతాయి. వాటి నుంచి మళ్లీ నారు లేస్తది. దానికి మూడు నుంచి ఐదు రోజులు, కొన్నింటికి వారం పడుతుంది. అప్పటిదాకా ప్రాణం నిలబెట్టడమే చికిత్స. ఆ రోజులు ఎవరూ నిలబెట్టకపోతే పదిలో తొమ్మిది దాకా పోతాయని పుస్తకాల్లో ఉంది, సరిగ్గా నిలబెడితే పదిలో ఎనిమిది తొమ్మిది బతుకుతాయి.

మా పిల్లల సంగతికి వస్తే, ఒక శుక్రవారం పొద్దున నల్ల పిల్ల చచ్చి కనబడింది. ఎలుకల మందు తిన్నదేమో అన్నారు గల్లీలో. మధ్యాహ్నానికి గోధుమరంగుది పసుపు నురగ కక్కింది, సాయంత్రానికి నెత్తుటి నీళ్లు. మా వాడు దాని చిగురు మీద వేలితో నొక్కి వదిలాడు. ఆరోగ్యంగా ఉన్నదానికి తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు వస్తది, దీనికి మూడు నాలుగు పట్టింది. మెడ మీది తోలు పట్టి లేపితే గుడారం లాగా నిలబడి మెల్లగా కిందికి దిగింది. "ఇది మందు పెట్టిన కేసు కాదురా, పార్వో లెక్కుంది, నడువుండ్రి" అన్నాడు. అట్టపెట్టెలో గోనెసంచి పరిచి గోధుమదాన్ని, అప్పుడే మందంగా అవుతున్న తెల్లకాళ్లదాన్ని పెట్టుకుని, ఆటోలో తార్నాక మీదుగా నారాయణగూడ పశువుల ఆసుపత్రికి పోయాం.

డాక్టరమ్మ విరేచనం కొంచెం దూదిపుల్లతో తీసి చిన్న స్ట్రిప్పు మీద వేశారు. కరోనా టైములో మనం చూసిన కిట్టు లాంటిదే, పది నిమిషాల్లో రెండు గీతలు వచ్చాయి. ఒక గీతే వస్తే జబ్బు లేదని గ్యారంటీ ఏమీ లేదని కూడా చెప్పారు, మొదట్లోనో చివర్లోనో వైరస్ తక్కువ పడితే స్ట్రిప్పు పట్టదంట. అందుకే రక్తం తీసి తెల్ల కణాలు లెక్క పెట్టించారు. మామూలుగా ఆరు వేలకు పైనే ఉండాలి. తెల్లకాళ్లదానికి 2,800 ఉన్నాయి, గోధుమదానికి 900. వెయ్యి కిందికి పోతే కష్టమని అప్పుడే చెప్పారు.

తర్వాత నీళ్ల లెక్క. ఇది మాకు ఎక్కువ ఆశ్చర్యంగా అనిపించింది, అందుకే పూర్తిగా రాస్తున్నాం. తెల్లకాళ్లది 3 కిలోలు ఉంది. తోలు, చిగురు, కళ్లు చూసి ఒంటి బరువులో 8 శాతం నీరు పోయిందని అంచనా వేశారు. 3 కిలోల్లో 8 శాతం అంటే 240 మిల్లీలీటర్లు. అది ఇప్పటికే పోయింది. ఏ జబ్బూ లేకున్నా ఆ వయసు పిల్లకు రోజుకు కిలోకి 80 దాకా కావాలి, అదింకో 240. ఇవ్వాళ వాంతులు, విరేచనాల్లో పోబోయేది ఒక వంద. మొత్తం 580. అరచేతుల్లో పట్టే పిల్లకు ఒక్క రోజులో పెద్ద సెలైన్ బాటిల్ నిండుగా, ఇంకా పైన. నోట్లో చెంచాతో గ్లూకోజు నీళ్లు పోస్తే ఎందుకు సరిపోదో ఈ లెక్కలోనే ఉంది. వాంతులు అవుతుంటే పోసింది ఎట్లాగూ బయటికొస్తది, నీరసంగా ఉన్నదానికి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అది వేరే చావు.

అందుకే ముంగాలి నరానికి సూది పెట్టి రింగర్ లాక్టేట్ ఎక్కించారు. అందులో చక్కెర కోసం డెక్స్‌ట్రోజ్, విరేచనాల్లో పోయే పొటాషియం కలిపారు. వాంతులు ఆగడానికి మారోపిటెంట్ సూది, రక్తంలోకి దిగిన బ్యాక్టీరియా కోసం యాంటీబయాటిక్ సూది. అంతే. విరేచనాలు ఆపే మాత్ర వేయలేదు. మనుషుల మాత్ర వేస్తే పేగు కదలిక ఆగిపోయి ఆ కుళ్లు లోపలే ఉంటది, వేయొద్దన్నారు. జ్వరానికి మన పారాసెటమాల్ కూడా అంతే, దాని దగ్గరికి తేవొద్దు.

గోధుమదాని సంగతి. వచ్చినప్పుడు దానికి 104 డిగ్రీల జ్వరం ఉంది. శనివారం రాత్రికి 97కు పడిపోయింది. కుక్కకు మామూలు వేడే 101 నుంచి 102 ఉంటది కాబట్టి జ్వరం తగ్గిందని మేం సంబరపడాల్సిన విషయం కాదని మా వాడు చెప్పాడు. చిగుర్లు తెల్ల కాగితం లాగా అయ్యాయి, పాదాలు చల్లబడ్డాయి. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాం, చిగుర్లకు గ్లూకోజు రుద్దాం. తెల్లారేలోపే పోయింది. 900 కణాలతో ఆ రాత్రి దాటడం కష్టమే.

తెల్లకాళ్లదానికి శనివారం కూడా నరం ద్వారానే ఎక్కించారు. ఆదివారం నుంచి రోజూ ఆటో ఖర్చు మా వల్ల కాదని చెప్తే, డాక్టరమ్మ ఇంటి దగ్గర తోలు కింద ఇచ్చే పద్ధతి మా వాడికి రాసిచ్చారు. ఇది ఊర్లకు బాగా పనికొచ్చే సంగతి. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 40 కుక్కల మీద పోల్చి చూసి 2017లో అచ్చు వేశారు. అన్నింటికీ మొదట నరం ద్వారా నీళ్లిచ్చి కొంచెం లేపారు, తర్వాత సగం కుక్కల్ని ఆసుపత్రిలోనే ఉంచారు, సగానికి ఇంటి పద్ధతిలో తోలు కింద నీళ్లు, రోజుకో వాంతుల సూది, ఒక యాంటీబయాటిక్ సూది ఇచ్చారు. ఆసుపత్రిలో ఉన్నవి నూటికి 90, ఇంటి పద్ధతివి నూటికి 80 బతికాయి. ఏమీ చేయకపోవడంతో పోలిస్తే ఈ 80 ఎంత పెద్ద మాటో మీరే చూసుకోండి.

పద్ధతి ఇట్లా. భుజాల మధ్య తోలు లేపి, ఆ గుడారంలోకి సూది పెట్టి, ఒంటి వేడికి వెచ్చబెట్టిన రింగర్ లాక్టేట్ ఎనిమిది గంటలకోసారి, మా 3 కిలోలదానికి ప్రతిసారీ 120 మిల్లీలీటర్లు. వీపు మీద మూపురం లాగా ఉబ్బుతది, భయపడొద్దు, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతది. డెక్స్‌ట్రోజ్ కలిపిన సీసా మాత్రం తోలు కింద పెట్టొద్దు. ఇంకోటి, పిల్ల బాగా పడిపోయి కాళ్లు చల్లగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు తోలుకు రక్తమే అందదు, పెట్టిన నీళ్లు అక్కడే నిలబడిపోతాయి. అట్లాంటిదానికి నరం ఒక్కటే దారి. ఒక మూపురం పూటకు ఇంకకుండా అట్లనే ఉందంటే ఆటో పిలవాల్సిన టైము వచ్చినట్టే.

తిండి గురించి కూడా పాత అలవాటు మారింది. వాంతులు ఆగేదాకా కడుపు మాడ్చాలి అనేవాళ్లు. 2003లో దక్షిణాఫ్రికా డాక్టర్లు కొన్ని పిల్లలకు చేరిన పన్నెండు గంటల నుంచే ముక్కు గొట్టం ద్వారా కొంచెం కొంచెం తిండి ఇచ్చి చూశారు, మాడ్చిన వాటికంటే అవి ముందు కోలుకున్నాయి. నారుమడికి కూడా నీళ్లు, ఎరువు కావాలి కదా, పేగు కణాలు తమ తిండి చాలావరకు లోపలికి వచ్చినదాని నుంచే తీసుకుంటాయి. మేం ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం మిక్సీ పట్టి సిరంజితో ఆరు గంటలకోసారి 3 మిల్లీలీటర్లు, అంటే చెంచాలో సగం కంటే కొంచెం ఎక్కువ, నోటి పక్క నుంచి పెట్టాం. కక్కితే ఆపి, మళ్లీ టైముకి ప్రయత్నించాం. సోమవారం వాంతి ఆగింది. మంగళవారం దానంతట అది గిన్నె నాకింది. విరేచనం గట్టిపడటానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. నాలుగో పిల్ల, మచ్చలది, ఒక పూట తిండి మానేసి రెండుసార్లు కక్కి లేచింది. ఒకే తల్లి పిల్లల్లో ఇంత తేడా ఎందుకంటే, తల్లి నుంచి ఎంత రక్షణ మిగిలి ఉందన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు మొదట్లో ఆపిన లెక్క. వీధికుక్క చిన్నప్పుడు పార్వో నుంచి బతికి బయటపడి ఉంటే, దాని రక్తంలో యాంటీబాడీలుంటాయి. పుట్టిన మొదటి రోజు ముర్రుపాలల్లో అవి పిల్లలకు చేరతాయి. పది రోజులకోసారి సుమారు సగం అవుతూ తగ్గుతాయి. ఎక్కువ తాగిన పిల్లకు ఎక్కువ కాలం ఉంటాయి, పక్కకు తోయబడ్డదానికి తొందరగా అయిపోతాయి. ఎక్కువ పిల్లలకు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఆ అప్పు రక్షణ తీరిపోతది. సరిగ్గా అప్పుడే పాలు మాని అన్నం మొదలవుతది, కొత్త తిండికి పేగు నారుమడి ఇంకా జోరుగా నడుస్తది, అది వైరస్‌కు పండగ.

టీకాతో చిక్కు కూడా ఇక్కడే. తల్లి యాంటీబాడీలు జబ్బును ఆపలేనంత తగ్గినా, టీకాలోని వైరస్‌ను మాత్రం పట్టుకుని పనికిరాకుండా చేసేంత ఉండే రెండు మూడు వారాలుంటాయి. ఆ రోజుల్లో వేసిన టీకా వృథా అవుతది. "టీకా వేయించినా చచ్చింది" అనే మాట చాలాసార్లు ఇదే. ఆ రెండు వారాలు ఏ పిల్లకు ఎప్పుడొస్తాయో బయటి నుంచి తెలియదు. అందుకే ఒక్కసారితో ఆపరు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి, చివరిది 16 వారాలు నిండాక పడాలి. ఆ చివరిదే అసలైనది. ఊర్లో ఒక్కటే వేయించే స్తోమత ఉంటే డాక్టర్‌ను అడిగి 16 వారాలు దాటాక వేయించండి, అప్పటిదాకా పిల్లను గడప దాటనీయకండి. ఇంకో సంగతి, జీహెచ్‌ఎంసీ వాళ్లు వీధికుక్కల్ని పట్టి ఆపరేషన్ చేసి చెవి కత్తిరించి వదులుతారు కదా, అప్పుడు వేసేది రేబిస్ టీకా. పార్వోకు అది పనిచేయదు.

చివరగా నేల సంగతి. ఈ వైరస్ మీద కొవ్వు పొర ఉండదు, అందుకే సబ్బు, శానిటైజర్, డెట్టాల్, ఫినాయిల్ దీన్ని ఏమీ చేయలేవు. నీడ నేలలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతది, చెప్పులకు అంటుకుని పక్క గల్లీకి పోతది. క్లోరిన్‌కు మాత్రం చస్తది. ముందు పెంటంతా ఎత్తేసి కడగాలి, మురికి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతది. తర్వాత లీటరు నీళ్లకు పది గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. సిమెంటు మీద ఇది పనిచేస్తది, మట్టి మీద పూర్తిగా కాదు. మేం గోనెసంచి, అట్టపెట్టె కాల్చేశాం, బాత్రూం పక్క సిమెంటు గచ్చును బ్లీచింగ్‌తో కడిగాం. ఖాళీ ప్లాటు మట్టిని ఏం చేయలేం, ఎండకు వదిలేశాం. మనుషులకు ఈ వైరస్ అంటదు, కానీ చేతులు, చెప్పులు దాన్ని మోస్తాయి, పెంటలో వేరే క్రిములు కూడా ఉంటాయి కాబట్టి చేతులు కడగండి.

బతికిన రెండింటికి ఇక పార్వో మళ్లీ రావడం చాలా అరుదు. కానీ లేచిన తర్వాత కూడా కొన్ని వారాలు పెంటలో వైరస్ పోతది, అందుకే వేరే పిల్లలతో కలపలేదు. మచ్చలదాన్ని వచ్చే నెల మా వాడు ములుగు దగ్గర వాళ్ల ఊరికి తీసుకుపోతానంటున్నాడు. వాళ్ల పక్కింట్లో కుక్క ఈని మూడు వారాలైంది. అందుకే నెల దాటినా పోవద్దని, ఆ పిల్లలకు రెండో టీకా పడ్డాకే మచ్చలదాన్ని అటు తీసుకుపోవాలని అనుకున్నాం.